ఏ మరపు ఏ జబ్బుది? తొలి గుర్తులతో డిమెన్షియాలను వేరుచేయడం

అల్జీమర్స్ జబ్బు మెదడులో మొట్టమొదట దెబ్బతీసేది కణతల వెనక లోతుగా ఉండే హిప్పోకాంపస్‌ను, దాన్ని ఆనుకుని ఉన్న పొరను. ఈరోజు జరిగింది రేపటికి నిలిచి ఉండేలా చేసే పని ఈ భాగానిది. రక్తనాళాలు పూడుకుపోవడం వల్ల వచ్చే వాస్క్యులర్ డిమెన్షియాలో ఎక్కువగా పాడయ్యేది మెదడు లోపలి తెల్లపదార్థం. నుదుటి వెనక భాగాన్ని మిగతా మెదడుతో కలిపే నరాల తీగలు అక్కడే ఉంటాయి. ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా నుదుటి వెనక భాగంలోనో, కణతల ముందు కొసలోనో మొదలవుతుంది. మూడు జబ్బులూ బాగా ముదిరాక ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. మనిషి మాట తగ్గిపోతుంది, అన్ని పనులకూ ఇంకొకరు కావాలి. ఏ జబ్బు ఎక్కడ మొదలైందో స్పష్టంగా చెప్పగలిగేది మొదటి ఒకటి రెండేళ్లలోనే. అందుకే తొలి గుర్తులకు అంత విలువ.

ఈ తేడా తెలియడం వల్ల చేతికి అందే ప్రయోజనం ఉంది. అల్జీమర్స్‌లో కొంత ఊరటనిచ్చే డోనెపెజిల్ వంటి మందులు ఫ్రంటోటెంపొరల్ రకంలో పనిచేయవు, పైగా కొందరిలో చిరాకు, అలజడి పెంచుతాయి. వాస్క్యులర్ రకంలో అసలు వైద్యమంతా బీపీ, షుగర్, కొలెస్టరాల్ అదుపులో పెట్టడం, ఇంకో పక్షవాతం రాకుండా చూడటం. అక్కడ ఆలస్యం చేసిన ప్రతి నెలా మెదడుకు నష్టమే. ఫ్రంటోటెంపొరల్ రకంలో జబ్బును జబ్బుగా గుర్తించక, మనిషి బుద్ధి చెడిపోయిందని ఇంటివాళ్లు ఏళ్ల తరబడి తగవు పడతారు. ఈ మూడింటిలో ఎక్కువగా కనిపించేది అల్జీమర్సే. డిమెన్షియా ఉన్నవారిలో 60 నుంచి 70 శాతం మందికి అదే కారణం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందువల్ల మొదట తేల్చవలసిన ప్రశ్న ఇది: కనిపిస్తున్న మరపు అల్జీమర్స్ మరపేనా?

అల్జీమర్స్ మరపు తీరు

వయసు మీద పడ్డాక తాళంచెవి ఎక్కడ పెట్టామో మరిచిపోవడం, పరిచయస్థుడి పేరు అప్పటికప్పుడు తట్టకపోవడం అందరికీ ఉండేదే. కాసేపటికి ఆ పేరు దానంతట అదే గుర్తొస్తుంది, లేదా ఎవరైనా మొదటి అక్షరం అందిస్తే తడుతుంది. అల్జీమర్స్‌లో ముఖ్యంగా పోయేది పేర్లు కాదు, జరిగిన సంఘటనలే. కొడుకు సంక్రాంతికి వచ్చి మూడు రోజులుండి వెళ్లాడు. వారం తిరక్కుండానే తల్లి ‘ఈ ఏడు పండక్కి వాడు రాలేదేమే?’ అని కోడల్ని అడుగుతుంది. ‘వచ్చాడు కదత్తయ్యా, మీకు చీర కూడా తెచ్చాడు’ అని గుర్తుచేసినా ఆమె ముఖంలో ‘ఆ, అవునవును’ అనే వెలుగు రాదు. చీర చూపించినా అది తనదేనా అని సందేహపడుతుంది. అడిగిన ప్రశ్నే గంటలో నాలుగైదు సార్లు అడగడమూ ఇందువల్లే. జవాబు నచ్చక అడగదు, అడిగిన సంగతే లోపల నిలవలేదు కాబట్టి అడుగుతుంది.

నలభై ఏళ్ల కిందటి పెళ్లి ముచ్చట్లు, పుట్టింటి పొలం గట్లు మాత్రం చక్కగా చెబుతుంది. ‘పాతవన్నీ అంత బాగా చెబుతుంటే జ్ఞాపకానికేం లోటు?’ అని ఇంటివాళ్లు ఇక్కడే మోసపోతారు. పాతవి నిలవడం, కొత్తవి నిలవకపోవడం ఈ జబ్బు ముద్ర. దాంతోపాటు తొలినాళ్లలోనే తేదీ, నెల తప్పుతాయి. తెలిసిన వీధే అయినా మలుపు తిరిగాక ఎటు పోవాలో తోచదు. చేతిలో వస్తువు ఉన్నా దాని పేరు రాక ‘అదే, నీళ్లు పోసుకునేది’ అని పనిని బట్టి చెబుతుంది.

ఒకటి మాత్రం చాలాకాలం చెక్కుచెదరదు. అది మర్యాద. వచ్చినవారిని కూర్చోమంటుంది, కుశలం అడుగుతుంది, నవ్వవలసిన చోట నవ్వుతుంది. డాక్టరు ఏదైనా అడిగితే జవాబు కోసం పక్కనున్న భర్త వైపో కూతురి వైపో తల తిప్పుతుంది. పరీక్ష గదిలో ఈ తల తిప్పడాన్ని అనుభవం ఉన్న న్యూరాలజిస్టులు గుర్తుపెట్టుకుంటారు. తన లోటును కప్పిపుచ్చుకునే లౌక్యం ఇంకా ఉందని, సమాధానం మాత్రం లోపల దొరకడం లేదని అది చెబుతుంది. ఇలా నడవడి నిలిచి జ్ఞాపకం పోవడం ఫ్రంటోటెంపొరల్ రకానికి సరిగ్గా తలకిందులు.

నిలవకపోవడం వేరు, అందకపోవడం వేరు

వాస్క్యులర్ డిమెన్షియా ఉన్నవారూ మరిచిపోతారు. అయితే వారి మరపులో వస్తువు బీరువాలోనే ఉంటుంది, చెయ్యి దాన్ని వెతికి తీయలేకపోతుంది. అల్జీమర్స్‌లో ఆ వస్తువు అసలు బీరువాలోకే చేరలేదు. ఈ రెండింటినీ విడదీసే ఉపాయం సూచన ఇవ్వడం. సూచన అందుకుని జ్ఞాపకం బయటికి వస్తే అది నిలిచి ఉన్నట్టే. ఎన్ని సూచనలిచ్చినా రాకపోతే నిలవలేదన్నమాట.

ఇంట్లో గమనించే ఈ తేడాను కొలవడానికి ఒక పరీక్ష ఉంది. గ్రోబర్, బుష్కే అనే ఇద్దరు పరిశోధకులు 1980లలో దీన్ని రూపొందించారు. ఇందులో 16 వస్తువులుంటాయి. కార్డుకు నాలుగు చొప్పున చూపిస్తారు. ‘ఇందులో పండు ఏది?’ అని అడిగితే రోగి ‘దానిమ్మ’ అని వేలు పెట్టి చూపించాలి. ‘పనిముట్టు ఏది?’ అంటే ‘సుత్తి’ అనాలి. ఇలా ఒక్కొక్కటీ రోగి చేతనే చెప్పించడం వల్ల అతను శ్రద్ధగా చూశాడన్నది ఖాయమవుతుంది. మనసు ఎక్కడో ఉండి మరిచిపోయాడన్న సందేహానికి చోటుండదు. ఈ పరీక్ష బలమంతా ఈ మొదటి మెట్టులోనే ఉంది. తర్వాత కాసేపు అంకెలు లెక్కపెట్టించి, గుర్తున్నవి చెప్పమంటారు. రాని వాటికి ‘ఒక పండు ఉంది కదా?’ అని సూచన ఇస్తారు. ఇలా మూడు విడతలు. 16 చొప్పున మొత్తం 48 మార్కులు. అరగంట తర్వాత మరోసారి అడుగుతారు.

ఇద్దరి ఫలితాలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా కళ్లకు కడుతుంది. ఈ ఇద్దరూ వైద్యులకు మామూలుగా ఎదురయ్యే లక్షణాలతో కూర్చిన నమూనాలు. మొదటావిడ 67 ఏళ్ల రిటైర్డ్ టీచరు. పదిహేనేళ్లుగా బీపీ, ఆరేళ్లుగా షుగర్ ఉన్నాయి. ఏడాదిన్నరగా మరపు. బీపీ ఉంది కాబట్టి ఇది రక్తనాళాల వల్లేనని ఇంటివాళ్లు తేల్చేసుకున్నారు. రెండో ఆయన 70 ఏళ్ల రిటైర్డ్ గుమాస్తా. ఆయనకూ బీపీ ఉంది, చాలాకాలం మందులు సరిగా వేసుకోలేదు. ఆయనదీ మరపే అంటూ తీసుకొచ్చారు.

సూచన లేకుండా మూడు విడతల్లో టీచరమ్మకు 14 వచ్చాయి, గుమాస్తాకు 18. ఇంతవరకు చూస్తే ఇద్దరూ ఒకే గూటివారే అనిపిస్తుంది. సూచనలిచ్చాక ఆమె మొత్తం 26 దగ్గరే ఆగింది. ఆయనది 45కి వెళ్లింది. అరగంట తర్వాత సూచనలతో కలిపి ఆమె 16లో 6 చెప్పింది, ఆయన 15. అంతేకాదు, ‘ఒక పండు’ అన్నప్పుడు ఆమె కార్డులో లేని ‘మామిడి’ అని ధీమాగా చెప్పింది. నిలవని చోట మనసు తోచినదాన్ని తెచ్చి నింపుతుంది. లేనివాటిని ఉన్నట్టు చెప్పే ఈ తప్పులు అల్జీమర్స్‌లో ఎక్కువ. ఆమెకు ఎమ్మారై తీస్తే తెల్లపదార్థంలో బీపీ వల్ల ఏర్పడ్డ చిన్న మచ్చలు కొన్ని ఉన్నాయి, హిప్పోకాంపస్ మాత్రం రెండు వైపులా బాగా కుంచించుకుపోయింది. మచ్చలున్నాయి కాబట్టి వాస్క్యులర్ అనేస్తే అసలు జబ్బు పక్కకు పోయేది. ఆ వయసులో బీపీ ఉన్న చాలామంది ఎమ్మారైలలో అలాంటి మచ్చలు కనిపిస్తాయి. ఆ మచ్చలు మరపు తీరుతో సరిపోలినప్పుడే వాటిని కారణంగా ఎంచాలి.

రక్తనాళాల రకం: ముందు నెమ్మదించేది ఆలోచన

గుమాస్తా ఇంటివాళ్లను ఓపిగ్గా అడిగితే వేరే కథ బయటపడింది. మరపు కన్నా ముందే ఆయన మందగించాడు. ఇదివరకు పావుగంటలో తేల్చే నెల ఖర్చుల లెక్క పూటంతా పడుతోంది. బ్యాంకు పని, కరెంటు బిల్లు, మనవడి స్కూలు ఫీజు అన్నీ ఒకేరోజు వస్తే ఏది ముందో తోచక ఏదీ చేయకుండా కూర్చుంటున్నాడు. అడిగినదానికి జవాబు సరిగానే చెబుతాడు, కాకపోతే చాలాసేపటికి చెబుతాడు. వాస్క్యులర్ రకంలో, ముఖ్యంగా సన్నని నాళాలు పూడుకుపోయే రకంలో, తొలి దెబ్బ ఆలోచన వేగానికి, పని వరస పెట్టుకునే నేర్పుకు తగులుతుంది. జ్ఞాపకాన్ని వెతికి తీయడం కూడా మెదడు ముందు భాగం చేసే పనే. దాన్ని మిగతా మెదడుతో కలిపే తీగలు తెగినందువల్లే వెతుకులాట కుంటుపడుతుంది.

అల్జీమర్స్ తొలిదశలో శరీరం మామూలుగా ఉంటుంది. ఇక్కడ అలా కాదు. అడుగులు చిన్నవై, పాదం నేలకు రాస్తున్నట్టు నడుస్తారు. మూత్రం వచ్చిందంటే ఆపుకోలేక పరుగెత్తవలసి వస్తుంది. చిన్న విషయానికే కళ్లనీళ్లు పెట్టుకోవడం, వెంటనే మామూలైపోవడం కూడా ఉంటుంది. మరపు కొద్దిగానే ఉండగా నడక ముందే పాడైందంటే రక్తనాళాల వైపు చూడాలి.

పెద్ద పక్షవాతం తర్వాత వచ్చే రకానికి మరో గుర్తు ఉంది. ఫలానా తేదీ నుంచి అని ఇంటివాళ్లు చెప్పగలుగుతారు. ఒక్కసారిగా దిగజారి, కొన్ని నెలలు అలాగే ఉండి, మళ్లీ ఇంకో మెట్టు దిగుతారు. పక్షవాతం వచ్చిన మూడు నెలల్లోపు మతి మారిందా అని 1993 నాటి వైద్య ప్రమాణాలు అడుగుతాయి. అయితే ఈ మెట్ల వరస లేకపోతే రక్తనాళాల జబ్బు కాదనుకోవడం పొరపాటు. సన్నని నాళాలవల్ల వచ్చేది ఏ రోజు మొదలైందో తెలియకుండా అల్జీమర్స్‌లాగే మెల్లగా పాకుతుంది. గుమాస్తాకు కాలూ చెయ్యీ పడిపోయిన రోజు ఒక్కటీ లేదు, అయినా ఎమ్మారైలో తెల్లపదార్థం విస్తారంగా పాడై కనిపించింది.

పరీక్షలో మార్కులు వచ్చినా జబ్బున్నవారు

ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా ఎక్కువగా 45 నుంచి 65 ఏళ్ల మధ్య మొదలవుతుంది. ఆ వయసులో డిమెన్షియా ఎవరికీ తట్టదు. ప్రాగ్ నగరంలో ఆర్నాల్డ్ పిక్ 1892లో ఇలాంటి రోగిని వర్ణించినందున చాలాకాలం దీన్ని పిక్ జబ్బు అన్నారు. అన్నిటికన్నా ఎక్కువగా పొరబాటు జరిగేది ఇక్కడే, ఎందుకంటే ఇక్కడ జ్ఞాపకం మొదట్లో పదిలంగానే ఉంటుంది. నిన్న ఎవరొచ్చారు, ఏం వండారు అన్నీ చెబుతారు, కొత్త ఊళ్లో కూడా దారి తప్పరు. మామూలుగా వాడే 30 మార్కుల మినీ మెంటల్ పరీక్షలో 28 కూడా తెచ్చుకోగలరు. ‘మతి బాగానే ఉంది, మానసిక ఒత్తిడి కావచ్చు’ అని పంపించేస్తే ఆ ఇంటి కష్టం రెట్టింపవుతుంది.

మారేది మనిషి తీరు. ముప్పై ఏళ్లు నెమ్మదస్తుడిగా పేరున్న కొట్టు యజమాని, చావు ఇంట్లో కూర్చుని టీ కావాలని గట్టిగా అడుగుతాడు. ఎదురింటి అమ్మాయి లావుగా ఉందని ఆమె ముఖం మీదే అంటాడు. భార్యకు జ్వరం వచ్చి పడుకుంటే ‘అన్నం ఏదీ?’ తప్ప ఇంకో మాట ఉండదు. అది కోపమూ కాదు, పగా కాదు. ఎదుటివాళ్ల బాధ మనసుకు ఎక్కించే భాగం పాడైంది. ఇదివరకు తీపి ముట్టనివాడు రోజూ మిఠాయి పొట్లంతో వస్తాడు, కడుపు నిండినా ఆపడు. ఒకే మాట, ఒకే చప్పట్లు, ఒకే వేళకు అదే వీధి చుట్టిరావడం వంటి అలవాట్లు మొదలవుతాయి. వీటన్నిటినీ తాను మారలేదనే నమ్మకంతో చేస్తాడు.

2011లో కుదిరిన అంతర్జాతీయ ప్రమాణాలు ఈ రకానికి ఆరు గుర్తులు చెప్పాయి. అదుపు తప్పిన ప్రవర్తన, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, సానుభూతి పోవడం, చేసిందే చేయడం, తిండి తీరు మారడం, ఆరోది జ్ఞాపకం, చోటు గుర్తించే శక్తి నిలిచి ఉండగా పని వరస పెట్టుకునే శక్తి తగ్గడం. వీటిలో మూడు ఉండి, క్రమంగా ముదురుతుంటే జబ్బును అనుమానించాలి. ఆసక్తి లేకపోవడాన్ని డిప్రెషన్ అనుకోవడం తరచూ జరుగుతుంది. డిప్రెషన్‌లో ఉన్నవారికి దిగులు ఉంటుంది, తమ పరిస్థితి చూసి తామే బాధపడతారు. ఇక్కడ దిగులు లేదు, పట్టింపూ లేదు.

ఇదే జబ్బు మాటతో మొదలయ్యే రకాలూ ఉన్నాయి. ఒకదానిలో మాటలు ధారాళంగా వస్తుంటాయి గానీ అర్థాలు జారిపోతాయి. అల్జీమర్స్ రోగి గుమ్మడికాయ చూసి పేరు రాక ‘పులుసులో వేస్తాం’ అంటాడు. ఈ రోగి ‘గుమ్మడికాయ అంటే ఏమిటి?’ అని అడుగుతాడు. పేరూ పోయింది, ఆ వస్తువేమిటన్నదీ పోయింది. ఇంగ్లీషు చదివేవారిలో, రాసినట్టు పలకని మాటలను అక్షరాలను బట్టి తప్పుగా పలకడం ఈ రకాన్ని తొందరగా పట్టిస్తుంది. తెలుగు రాసినట్టే పలికే లిపి కాబట్టి ఇక్కడి రోగి పత్రికను తడబడకుండా చదివేస్తాడు, అర్థం మాత్రం తెలియదు. తెలుగువారిలో చదువు బాగుందని ఊరుకోకుండా, చదివిన మాటకు అర్థం అడిగి చూడాలి.

గీతలు చెరిగే చోట్లు

పై తేడాలు నిజమైనవే, అయినా ప్రతి మనిషిలోనూ ఇంత శుభ్రంగా కనిపించవు. పెద్ద వయసులో అల్జీమర్స్, రక్తనాళాల జబ్బు ఒకే మెదడులో కలిసి ఉండటం చాలా మామూలు. టీచరమ్మ మచ్చలు మరికొన్ని ఉండి, ఆమె నడక కూడా మందగించి ఉంటే రెండూ ఉన్నాయనే రాసేవారు, రెండింటికీ వైద్యం చేసేవారు. అల్జీమర్స్ అరుదుగా జ్ఞాపకంతో కాకుండా చూపుతో మొదలవుతుంది. కంటి డాక్టరు కళ్లు బాగున్నాయంటాడు గానీ ఎదురుగా ఉన్న గ్లాసు అందుకోలేరు. ఇంకొందరిలో ప్రవర్తన మార్పుతో మొదలై ఫ్రంటోటెంపొరల్‌లా కనిపిస్తుంది. మెదడు నడుమ ఉండే థాలమస్‌లో ఒక చిన్న రక్తపు గడ్డ అడ్డుపడినా జ్ఞాపకం అల్జీమర్స్‌లో పోయినట్టే పోతుంది. అప్పుడు దాన్ని పట్టించేది అది ఒక్కరోజులో రావడమే.

వయసు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. హైదరాబాద్ నిమ్స్ మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు లేదా అంతకు మించి భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. అది అల్జీమర్స్‌లోనే కాదు, వాస్క్యులర్, ఫ్రంటోటెంపొరల్ రకాల్లోనూ కనిపించింది. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ మాట్లాడినవారిలో ఫ్రంటోటెంపొరల్ జబ్బు 65 దాటాక బయటపడినా ఆశ్చర్యం లేదు. బడి చదువు లేనివారికి మార్కులు తక్కువ రావడం కూడా జబ్బుకు రుజువు కాదు. అక్షరం రానివారిని ‘ప’తో మొదలయ్యే మాటలు చెప్పమనడం కన్నా నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో అడగడం న్యాయం. చదువుకున్నవారికి రెండూ పెడితే మరో ఆధారం దొరుకుతుంది. అల్జీమర్స్‌లో జంతువుల పేర్లు ఎక్కువగా తగ్గుతాయి, మెదడు ముందు భాగం జబ్బుల్లో అక్షరంతో మొదలయ్యే మాటలు కూడా అంతే తగ్గుతాయి, ఒక్కోసారి ఇంకా ఎక్కువగా.

ఈ మూడింటిలో ఏదని ఆలోచించే ముందే కొన్నింటిని తీసేయాలి. బి12 లోపం, థైరాయిడ్ తగ్గడం, నిద్రమాత్రలు, అలర్జీకి వాడే కొన్ని మందులు, కింద పడ్డాక తలలో మెల్లగా చేరే రక్తపు గడ్డ, వీటివల్ల వచ్చే మరపు చాలావరకు వైద్యంతో మెరుగుపడుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి అయోమయంలో పడితే అది సాధారణంగా డిమెన్షియా కాదు. ఇన్ఫెక్షనో, ఉప్పు తగ్గడమో ఉండవచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంటివాళ్లు ‘మతిమరుపు’ అనే ఒక్క మాటతో ఆగకూడదు. అన్నిటికన్నా ముందు మారింది ఏమిటో రాసుకుని వెళ్లాలి. మరపా, మందగించడమా, ప్రవర్తనా, మాటా? అది ఫలానా రోజున వచ్చిందా, తెలియకుండా వచ్చిందా? గుర్తుచేస్తే గుర్తొచ్చిన సందర్భం ఒకటి, గుర్తుచేసినా రానిది ఒకటి ఉన్నది ఉన్నట్టు చెబితే పరీక్షకు సగం దారి పడుతుంది. నడక, మూత్రం, తిండి మార్పులను అడిగేదాకా ఆగకుండా చెప్పాలి. ఫ్రంటోటెంపొరల్ అనుమానం ఉంటే ఇంటివాళ్లు రోగి ఎదుట కాకుండా విడిగా మాట్లాడే వీలు అడగాలి, లేకపోతే చెప్పవలసినవి చెప్పలేరు. అప్పటికీ తేలకపోతే మెదడు పనితీరు చూపే పెట్ స్కాన్ గానీ, వెన్ను నీటిలో అల్జీమర్స్ ప్రొటీన్ల పరీక్ష గానీ సాయపడతాయి. వాటికి తాహతు లేనివారికి ఆరు నెలల నుంచి ఏడాది తర్వాత అవే పరీక్షలు మళ్లీ పెట్టించి, ఏ శక్తి ఎంత దిగిందో పోల్చి చూడటం మంచి మార్గం. మొదట కనిపించిన గుర్తులు మొదటిసారి రాసిన కాగితంలోనే దొరుకుతాయి కాబట్టి ఆ రిపోర్టు పారేయకుండా దాచిపెట్టాలి.